పేక కలిపిన గడియారం

1999లో ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడించే కొన్ని సైట్లు ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ తయారుచేసిన ప్రోగ్రాంతో నడిచేవి. పేక కలపడంలో మోసమేమీ లేదని ఆటగాళ్లకు నమ్మకం కలిగించడానికి ఆ సంస్థ, ముక్కలు కలిపే కోడ్‌ను అందరూ చూసేలా బయటపెట్టింది. అమెరికాలోని రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ ఇంజినీర్లు దాన్ని శ్రద్ధగా చదివి, సొంతంగా ఒక ప్రోగ్రాం రాశారు. తమ చేతిలోని రెండు ముక్కలు, బల్ల మీద ముందుగా తెరిచిన మూడు ముక్కలు ఏమిటో చెబితే చాలు. ఎదుటివాళ్ల చేతుల్లో ఏమున్నాయో, ఇక ముందు తెరుచుకోబోయేవి ఏమిటో ఆ ప్రోగ్రాం చెప్పేసేది. సర్వర్‌లోకి వాళ్లు చొరబడనే లేదు.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే, కంప్యూటర్ ర్యాండమ్ నంబర్లను ఎలా పుట్టిస్తుందో చూడాలి. నిజానికి అది చేసేది మామూలు లెక్కే. ఒక సంఖ్యతో మొదలుపెట్టి, దాన్నుంచి రెండోది, రెండోదాన్నుంచి మూడోది రాబడుతుంది. ఆ మొదటి సంఖ్యనే సీడ్ అంటారు.

కాగితం మీద చేసుకోగలిగినంత చిన్న సూత్రం ఒకటి తీసుకుందాం. చేతిలో ఉన్న సంఖ్యను 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించగా మిగిలిన శేషాన్ని తర్వాతి సంఖ్యగా రాయాలి. సీడ్ 7 అనుకుంటే, 7 ఐదులు 35, మూడు కలిపితే 38, శేషం 6. ఆరుకి ఇదే లెక్క చేస్తే 1 వస్తుంది. ఇలా సాగే వరుస ఇది:

6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, 7

సూత్రం తెలియనివాళ్లకు ఇందులో క్రమం వెంటనే పట్టుబడదు. కానీ 7తో మొదలుపెట్టి ఎవరు, ఎన్నిసార్లు, ఏ ఊళ్లో లెక్కగట్టినా ఇదే వస్తుంది. లెక్కలో ఎక్కడా అదృష్టానికి చోటు లేదు కాబట్టి వేరేగా రావడానికి వీల్లేదు. సీడ్ 8 అయితే 11, 10, 5 అంటూ అదే వరుస మధ్యలోంచి మొదలవుతుంది. పదహారో అడుగులో మళ్లీ 7 వచ్చింది కనుక అక్కణ్నుంచి మొత్తం పునరావృతమవుతుంది. కాస్త నిదానంగా చూస్తే మరో లోపమూ కనిపిస్తుంది: ఒక సరి, ఒక బేసి, మళ్లీ సరి, మళ్లీ బేసి. ఈ రకం సూత్రాల్లో శేషం కోసం 16 లాంటి రెండు ఘాతాలను వాడితే ఈ జాడ మిగిలిపోతుంది.

ఒకే సీడ్‌కి ఒకే వరుస రావడం చాలాచోట్ల కావాల్సిన గుణమే. వరదనో, ట్రాఫిక్‌నో కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం వెయ్యిసార్లలో ఒక్కసారి తప్పు ఫలితం ఇచ్చిందనుకోండి. ఆ ఒక్కసారి వాడిన సీడ్ రాసిపెట్టుకుంటే, తప్పును మళ్లీ కళ్లముందుకు తెచ్చుకుని కారణం వెతకవచ్చు. అయితే సూత్రమూ మారకూడదు, నంబర్లు అడిగే క్రమమూ మారకూడదు. మధ్యలో ఎక్కడో ఒక్క నంబరు అదనంగా తీసుకున్నా, ఆ తర్వాతవన్నీ ఒక అడుగు జరిగిపోతాయి.

పోకర్ ప్రోగ్రాంలో ఆ గుణమే కొంప ముంచింది. అది రాసిన డెల్ఫీ భాషలోని సూత్రం కూడా పైన చూసిన కోవకు చెందినదే, అంకెలు మాత్రం చాలా పెద్దవి. సీడ్ పరిమాణం 32 బిట్లు, అంటే దాదాపు 430 కోట్ల సీడ్లు. 52 ముక్కల్ని పేర్చగల విధాలేమో 8 పక్కన 67 సున్నాలు పెట్టినంత. ఒక్కో సీడ్‌కి ఒక్క పేర్పే గనుక, మిగతా పేర్పులేవీ ఆ ఆటలో ఎన్నటికీ రావు.

పైగా సీడ్‌ను సర్వర్ గడియారం నుంచి తీసుకున్నారు: అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్నదే సీడ్. రోజుకి ఉన్నవి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లే. ఇంజినీర్లు తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో దాదాపుగా కలిపేసరికి, పరీక్షించాల్సిన సీడ్లు సుమారు 2 లక్షలకు తగ్గాయి. ఆ ఒక్కో సీడ్‌తో పేక కలిపి చూసి, తమకు తెలిసిన ఐదు ముక్కలతో సరిపోలేదాన్ని పట్టుకోవడం ఆనాటి మామూలు కంప్యూటర్‌కి కూడా తేలికపాటి పని.

పేక సరిగ్గా కలపాలంటే సీడ్‌కి కనీసం 226 బిట్లు కావాలి, అవి ఎవరూ ఊహించలేని చోటునుంచి రావాలి. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్‌లు కీబోర్డు, డిస్కు వంటి పరికరాల నుంచి సంకేతాలు అందే సమయాల్లోని సూక్ష్మమైన తేడాలను పోగుచేసి సీడ్‌గా మారుస్తాయి. సీడ్ ఒక్కటే పెద్దదైతే సరిపోదు, సూత్రమూ గట్టిదై ఉండాలి. పైథాన్ భాషలోని `random` వాడే మెర్సెన్ ట్విస్టర్ సూత్రం అనుకరణలకు చక్కగా పనికొస్తుంది. కానీ అది పుట్టించే 32 బిట్ల సంఖ్యలు వరుసగా 624 చూసినవాళ్లు ఆపై వచ్చేవన్నీ లెక్కగట్టగలరు. పాస్‌వర్డ్లకూ, రహస్య సంకేతాలకూ ఆ భాషలో `secrets` అనే వేరే సాధనం ఉంది. అది నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే నంబర్లు తీసుకుంటుంది కాబట్టి, అక్కడ ప్రోగ్రామర్ సీడ్ ఇచ్చే వీలే లేదు.