అప్పు రెట్టింపయ్యేది ఎన్నో నెలలో?

నూటికి రెండు రూపాయల వడ్డీకి పదివేల అప్పు. ఏ నెల వడ్డీ ఆ నెల అసలులో కలిపేస్తే, బాకీ నెలనెలా 1.02 రెట్లవుతూ పోతుంది. అది ఇరవై వేలు కావడానికి ఎన్ని నెలలు పడుతుంది? అంటే, 1.02కు ఏ ఘాతం వేస్తే 2 వస్తుంది? ఆ ఘాతాన్నే 1.02 ఆధారంగా 2కు సంవర్గమానం అంటారు.

మామూలు సైంటిఫిక్ కాల్క్యులేటర్‌లో ఇందుకు పనికొచ్చే మీటలు రెండే. log మీటకు ఆధారం 10, ln మీటకు ఆధారం e, అంటే సుమారు 2.718. 1.02 ఆధారంగా లెక్కకట్టే మీట ఉండదు. అప్పుడు కావాల్సింది ఆధార మార్పిడి సూత్రం:

log(2) ÷ log(1.02)

ఈ భాగహారం ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. 10కి 0.0086002 ఘాతం వేస్తే 1.02 వస్తుంది, 0.30103 వేస్తే 2 వస్తుంది. ఒకే ఆధారం ఉన్న సంఖ్యలను గుణిస్తే ఘాతాలు కూడుకుంటాయి కదా! కాబట్టి బాకీని ఒక నెల 1.02తో గుణించడమంటే, 10 మీది ఘాతానికి 0.0086002 కలపడమే. ఇలా కలుపుకుంటూ 0.30103 చేరాలి. అందులో 0.0086002లు ఎన్ని ఉన్నాయో భాగించి చూస్తే సుమారు 35.003 వస్తుంది.

ln వాడినా జవాబు మారదు. ఏ సంఖ్యకైనా ln విలువ దాని log విలువకు 2.3026 రెట్లుంటుంది. పైనా కిందా అదే గుణకం కాబట్టి కొట్టుడుపోతుంది. పైన log, కింద ln నొక్కితే మాత్రం లెక్క చెడుతుంది.

35.003లోని ఆ చివరి 0.003ను తేలిగ్గా తీసుకోకూడదు. 35 నెలలకు బాకీ 19,998 రూపాయల 90 పైసలే. వడ్డీ నెలకోసారే కలుస్తుంది కాబట్టి ఇరవై వేలు దాటేది 36వ నెలలో. మధ్యలో log(1.02)ను 0.009గా సవరిస్తే 33.4 వచ్చి కూర్చుంటుంది. అందుకే చివరిదాకా అంకెలను కాల్క్యులేటర్‌లోనే ఉంచి, సవరింపు ఆఖర్న చేయాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు బ్రాకెట్లది. log(2 ÷ 1.02) అని నొక్కితే 0.292 వస్తుంది. నెలకు రెండు శాతం పెరిగే బాకీ ఒక్క నెలైనా నిండకుండా రెట్టింపవదు కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది. కొన్ని కాల్క్యులేటర్లలో log నొక్కగానే బ్రాకెట్ తెరుచుకుంటుంది. 2 తర్వాత దాన్ని మూయకపోతే 2.37 చూపిస్తుంది. వచ్చిన జవాబును 1.02కు ఘాతంగా వేసి, 2 వస్తోందో లేదో చూసుకోవడం మేలు.

2 ఆధారంగా 8 లాంటి వాటికి ఈ సూత్రం అక్కర్లేదు, 3 అని నోటితోనే చెప్పొచ్చు. ఆధారాన్ని కూడా అడిగే log మీట ఉన్న కాల్క్యులేటర్లలో 1.02, 2 నేరుగా ఇస్తే సరిపోతుంది.