అంతం లేని కడ్డీలో వేడి

పొడవైన రాగి కడ్డీ. పక్కల నుంచి వేడి పోకుండా కప్పి, ఒక కొస ఉష్ణోగ్రతను ఉన్నట్టుండి T₀ డిగ్రీలు పెంచి అక్కడే నిలిపారు. అవతలి కొస అనంత దూరంలో ఉందనుకుందాం.

కాలంపై లాప్లాస్ పరివర్తన చేస్తే t పోయి s వస్తుంది. మిగిలేది దూరం x ఒక్కదానిపై అవకలన సమీకరణం. దానికి రెండు సాధనలు. దూరంతో పెరిగిపోయేదాన్ని కొట్టేయాలి, దూరాన కడ్డీ చల్లగానే ఉండాలి కదా! రెండోది (T₀/s)e^(−x√(s/κ)). పట్టిక చూసి వెనక్కి మారిస్తే T₀ erfc(x/(2√(κt))) వస్తుంది.

రాగికి κ సెకనుకు సుమారు 1.1 చదరపు సెం.మీ. 10 సెం.మీ. దూరాన ఉష్ణోగ్రత T₀లో సగం పెరగడానికి దాదాపు 100 సెకన్లు పడుతుంది. 20 సెం.మీ.కి రెట్టింపు కాదు, నాలుగింతలు! కడ్డీ మీటరే అయితే, పావుగంటకల్లా అవతలి కొసా వెచ్చబడి ఈ సూత్రం అక్కడ తప్పడం మొదలవుతుంది.