గెయిన్ తగ్గలేదు, విమానం నిలవలేదు

అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15 దట్టమైన గాలిలోనూ, గాలి దాదాపు లేని ఎత్తులోనూ ఎగరాలి. తోక రెక్క ఒకేలా కదిలినా రెండుచోట్లా ఫలితం వేరు. అందుకే మూడో విమానంలో ఎంహెచ్-96 అనే కంట్రోలర్ పెట్టారు. విమానం ఒక ఆదర్శ నమూనాలా స్పందించేలా, అది దిద్దుబాటు తీవ్రతను, అంటే గెయిన్‌ను, ఎగురుతుండగానే మార్చేది. సన్నని కంపనం కనిపించేదాకా పెంచి, కంపనం ఎక్కువైతే తగ్గించేది.

1967 నవంబర్ 15న మైకేల్ ఆడమ్స్ నడుపుతుండగా ఆ విమానం గింగిరాలు తిరిగింది. వాటి నుంచి బయటపడి, చిక్కటి గాలిలోకి దిగుతున్నా గెయిన్ తగ్గలేదు. తోక రెక్కలను కదిపే యంత్రాలు వేగ పరిమితిని తాకడంతో సర్దుబాటు స్తంభించింది. ఊగిసలాట ఆగక విమానం ముక్కలైంది, ఆడమ్స్ మరణించారు.

యంత్రాలు పరిమితిని తాకినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించని అడాప్టివ్ కంట్రోలర్‌ను నమ్మకూడదు.