తూకం 850 గ్రాములు, బిల్లు మూడు కిలోలకు

ఆత్రేయపురంలో ఇంటి దగ్గరే పూతరేకులు చుట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని కొరియర్లో పంపే వ్యాపారం ఒకటి ఉందనుకోండి. బెంగళూరు నుంచి రెండు పెట్టెలకు ఆర్డరు వచ్చింది. పూతరేకు ముట్టుకుంటేనే పొడి అయ్యే సరుకు కాబట్టి, కిరాణా కొట్టులో దొరికిన పెద్ద అట్టపెట్టె తీసుకుని, చుట్టూ పాత పేపర్లు దట్టంగా కుక్కి, గట్టిగా టేపు చుట్టారు. కాటా మీద పెడితే 850 గ్రాములు. కొరియర్ బుకింగ్ సైట్‌లో ఆ తూకమే నమోదు చేశారు. రేట్ కార్డు ప్రకారం మొదటి అరకిలోకి 48 రూపాయలు, ఆపైన ప్రతి అరకిలోకి 40. అంటే కిలో లెక్కన 88, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 104 రూపాయల లోపే. (కంపెనీని బట్టి, దూరాన్ని బట్టి ఈ రేట్లు మారతాయి. ఇక్కడ లెక్క కోసం వేసుకున్నవి.) నాలుగు రోజులు తిరక్కుండా వాలెట్‌లోంచి మరో 189 రూపాయలు కోసేశారు. అదేమిటని చూస్తే ‘ఛార్జ్ చేసిన బరువు: 3 కిలోలు’ అని ఉంది.

మోసం అనిపిస్తుంది. కానీ కొరియర్ వాళ్ల లెక్కలో తప్పు లేదు. వాళ్లు తూచింది పూతరేకుల్ని కాదు, వాటి చుట్టూ ఉన్న చోటుని.

సరుకు మోసే వ్యానుకి రెండు హద్దులు ఉంటాయి. ఒకటి ఎంత బరువు మోయగలదన్నది, రెండోది ఎంత చోటు ఉందన్నది. ఆవకాయ జాడీలు ఎక్కిస్తే వ్యాను సగం ఖాళీగా ఉండగానే బరువు హద్దు వచ్చేస్తుంది. పూతరేకుల పెట్టెలైతే బరువు సంగతి అలా ఉంచండి, ముందు తలుపు పట్టదు. డీజిలు, డ్రైవరు జీతం మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే తేలికైన సరుకుకి చోటునే బరువుగా మార్చి లెక్క కడతారు. దీన్నే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. మన దేశంలో కొరియర్లు ఎక్కువగా వాడే సూత్రం ఇది: పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగించాలి. వచ్చినదే కిలోల్లో బరువు. ఇది, అసలు తూకం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. కొన్ని కంపెనీలు 5000 బదులు 4000తో భాగిస్తాయి. భాగించే అంకె చిన్నదయ్యేకొద్దీ మనకు పడే బరువు పెరుగుతుంది కాబట్టి, రేట్ కార్డులో రూపాయల కన్నా ముందు చూడాల్సింది ఆ అంకెనే అని నా అభిప్రాయం.

మన కిరాణా పెట్టె బయటి కొలతలు 32, 24, 18 సెంటీమీటర్లు. గుణిస్తే 13,824. ఐదు వేలతో భాగిస్తే 2.76 కిలోలు. ఇక్కడే రెండో మెలిక, స్లాబ్. రేటు అరకిలో మెట్లలో నడుస్తుంది, మధ్యలో ఆగదు. రెండున్నర దాటగానే మూడు కిలోల మెట్టే. మొదటి మెట్టుకి 48, మిగతా ఐదింటికీ 200, మొత్తం 248. జీఎస్టీతో 292 రూపాయల 64 పైసలు. ముందు అనుకున్నదానికీ దీనికీ తేడా సరిగ్గా ఆ 189 రూపాయలే.

మరి బుక్ చేసినప్పుడే ఎందుకు చెప్పలేదు? చాలా సైట్లలో కొలతల గడుల్లో 10, 10, 10 అని ముందే నింపి ఉంటుంది. హడావిడిలో దాన్ని అలాగే వదిలేస్తాం. ఆ కొలతలకి వచ్చే వాల్యూమెట్రిక్ వెయిట్ 200 గ్రాములే కాబట్టి సైటు అసలు తూకానికే ధర చూపిస్తుంది. తర్వాత పార్సిల్ హబ్‌కి చేరి యంత్రం కిందుగా పోయినప్పుడు అసలు కొలత బయటపడుతుంది.

ఆ యంత్రానికి మన టేపుకున్న దయ లేదు. పెట్టెలో ఎక్కడ ఎక్కువ ఉబ్బితే అక్కడి నుంచే కొలుస్తుంది. పేపర్లు అతిగా కుక్కితే మూత మధ్యలో లేస్తుంది, ఆ లేచినదంతా ఎత్తే. పైగా చాలామంది సెంటీమీటరులో ముక్క మిగిలితే దాన్ని పై అంకెకి పెంచేస్తారు. అట్టపెట్టెలు కొనేచోట ఇంకో తిరకాసు ఉంది. పెట్టెలు చేసేవాళ్లు మామూలుగా చెప్పేది లోపలి కొలత. మూడు పొరల అట్ట మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. పొడవు, వెడల్పులకి రెండు వైపులా కలిపి అర సెంటీమీటరు పైన చేరుతుంది. ఎత్తులో పైనా కిందా మూతలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి సెంటీమీటరు దాటుతుంది.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుని పెట్టెని మళ్లీ ఎంచుకుందాం. ఒక్కో పూతరేకుల పెట్టె 26, 18, 5 సెంటీమీటర్లు. రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎత్తు పది. లోపలి కొలత 27, 19, 10.5 ఉన్న అట్టపెట్టె చేయిస్తే, బయటి కొలతలు పై అంకెకి సర్దాక 28, 20, 12 వస్తాయి. గుణిస్తే 6,720, అంటే 1.34 కిలోలు. ఒకటిన్నర కిలోల మెట్టులో పడుతుంది. ఖర్చు 128, జీఎస్టీతో 151. కిలో మెట్టులోకి దించాలంటే మొత్తం 5,000 దాటకూడదు. కానీ మిఠాయి పెట్టెలే 4,680 తినేస్తున్నాయి. చుట్టూ అట్టకే చోటు చాలదు, ఆ ఆశ వదులుకోవాల్సిందే.

దీనిలోనే ఒక లాభం కూడా ఉంది. ఒకటిన్నర కిలోల మెట్టుకి హద్దు 7,500. మనం 6,720 దగ్గర ఉన్నాం. ఎత్తు ఇంకో సెంటీమీటరు పెరిగి 13 అయినా 7,280, అదే మెట్టు. అంటే పెట్టె కాస్త ఉబ్బినా, పైన ఇంకో మెత్తటి పొర వేసినా పైసా పెరగదు. 14 అయితే మాత్రం 7,840, వెంటనే రెండు కిలోల మెట్టు, మరో 40 రూపాయలు. కాబట్టి పెట్టె చేయించేటప్పుడు హద్దుకి సరిగ్గా అంచున నిలబడే కొలత ఎంచుకోకూడదు, ఒక సెంటీమీటరు వెసులుబాటు ఉంచుకోవాలి.

ఆవకాయ అమ్మేవాళ్లకి ఈ బెడద తక్కువ. కిలో పచ్చడి సీసా 15 సెంటీమీటర్ల చదరపు పెట్టెలో పెడితే వాల్యూమెట్రిక్ వెయిట్ ముప్పావు కిలో కూడా రాదు, అసలు తూకమే ఎక్కువ. వాళ్లకి కాటా సరిగ్గా ఉంటే చాలు. వడియాలు, అప్పడాలు, పేలాలు అమ్మేవాళ్లు మాత్రం టేపు పట్టుకోక తప్పదు.

యంత్రం కూడా పొరబడుతుంది. రెండు పార్సిళ్లు ఆనుకుని వెళితే ఒకటిగా కొలిచిన సందర్భాలు ఉంటాయి. దాన్ని పట్టుకోవడానికి బిల్లుని వెనక నుంచి చదవాలి. మూడు కిలోలు వేశారంటే, అసలు తూకం అంత లేనప్పుడు, వాళ్లు కొలిచిన పెట్టె 12,500కీ 15,000కీ మధ్య ఉండి ఉండాలి. మీ పెట్టె 6,720 అయితే అది ఉబ్బు వల్ల వచ్చిన తేడా కాదు, నిలదీయొచ్చు. అందుకు సాక్ష్యం కావాలి. చిరునామా లేబుల్ కనిపించేలా పార్సిల్‌ని కాటా మీద పెట్టి ఒక ఫొటో, మూడు వైపులా టేపు పెట్టి అంకెలు కనిపించేలా మూడు ఫొటోలు, పార్సిల్ ఇచ్చేముందే తీసి ఉంచుకోవాలి. ఫిర్యాదుకి గడువు ఉంటుంది. చాలాచోట్ల వారం రోజులే. అది దాటితే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. కొనేవాళ్లు తీసుకోక పార్సిల్ తిరిగొస్తే ఆ తిరుగు ప్రయాణానికి కూడా ఇదే బరువు మీద వసూలు చేస్తారు కనుక, తప్పు బరువు ఒప్పుకుంటే దెబ్బ రెండుసార్లు.

ఇంకొక లెక్క కూడా వేసి చూడండి. ఇదే పద్ధతిలో ఒక్క పెట్టె పంపితే కిలో మెట్టు, జీఎస్టీ కాకుండా 88 రూపాయలు. రెండు పంపితే పెట్టెకి 64 పడుతుంది. నాలుగు పంపితే రెండున్నర కిలోల మెట్టులో మొత్తం 208, అంటే పెట్టెకి 52. డబ్బు ఎక్కువగా పోయేది ఒంటి పెట్టె ఆర్డర్లలోనే. ‘కనీసం రెండు పెట్టెలు’ అని నియమం పెట్టడమో, ఒక్కటే కావాలన్నవాళ్లకి రవాణా ఖర్చు విడిగా చెప్పడమో ధర నిర్ణయించే రోజునే తేల్చుకోవాలి.