వార్తల్లో పదం: [h]:mm

మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పని రాత్రీపగలూ నడుస్తుంది. రోజుకు ఎనిమిదిన్నర గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 51 గంటలు. ఎక్సెల్‌లో కూడితే 3:00 అని వస్తుంది. దాని లెక్కలో ఒక రోజంటే 1, కాబట్టి 51 గంటలంటే 2.125. మామూలు h:mm ఫార్మాట్ నిండు రోజులు రెండింటినీ దాచి, మిగిలిన 3 గంటలే చూపుతుంది. మొత్తం ఎక్కడికీ పోలేదు. ఫార్మాట్ [h]:mm అని మారిస్తే 51:00 కనబడుతుంది. కూలి కట్టేటప్పుడు దాన్ని 24తో గుణించాలి, లేకపోతే కార్మికుడికి రెండు గంటల పైచిలుకు డబ్బే పడుతుంది.

రాత్రి 10కి డ్యూటీ ఎక్కి ఉదయం 6:30కి దిగితే తీసివేత మైనస్‌లోకి పోతుంది. గడి నిండా ##### పడతాయి, కాలమ్ ఎంత వెడల్పు చేసినా పోవు. ఎక్కిన సమయం A2లో, దిగిన సమయం B2లో ఉంటే అప్పుడు ఇలా రాయాలి:

```
=MOD(B2-A2,1)
```

డ్యూటీ 24 గంటలు దాటితే ఇదీ చాలదు, సమయంతోపాటు తేదీ కూడా వేయాలి.