వార్ఫరిన్ వాడకం: ఐఎన్ఆర్ అదుపులో ఉండాలంటే

గుండెలో లోహపు కవాటం అమర్చినవారు వార్ఫరిన్ మాత్రను జీవితాంతం వాడాలి. ఆ కవాటం మీద రక్తం గడ్డకడితే అది బిగుసుకుపోవచ్చు, గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. రక్తంలో అప్పటికే ఉన్న ప్రొటీన్లు తరగాలి కాబట్టి, మాత్ర ప్రభావం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ రక్తపరీక్ష చెబుతుంది. మందు వాడనివారిలో ఇది సుమారు 1 ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డల భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. మొదట్లో కొద్దిరోజులకోసారి, నిలకడ వచ్చాక సుమారు నెలకోసారి పరీక్ష చేయిస్తారు.

పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. వాటిని మానేయనక్కర్లేదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే కొనసాగించాలి. ఉన్నట్టుండి రోజూ తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది, పూర్తిగా మానేస్తే పెరుగుతుంది.

మందులతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. ఉదాహరణకు, రోజూ 5 మిల్లీగ్రాములు వేసుకుంటూ ఐఎన్ఆర్ 2.8 దగ్గర నిలకడగా ఉన్న వ్యక్తికి పంటి నొప్పి వచ్చిందనుకుందాం. మందుల షాపులో అడిగి మెట్రోనిడజోల్, డైక్లోఫెనాక్ తెచ్చుకున్నాడు. మెట్రోనిడజోల్ వార్ఫరిన్‌ను శరీరంలో త్వరగా విరగనివ్వదు. డైక్లోఫెనాక్ కడుపులో పుండు చేసి రక్తస్రావానికి దారితీయగలదు. ఐదో రోజు పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. పరీక్షిస్తే ఐఎన్ఆర్ 6. వైద్యుడు ఆ రెండు మందులూ మాన్పించి, వార్ఫరిన్ ఒకటి రెండు మోతాదులు ఆపించి, మళ్లీ పరీక్ష చేయించి తిరిగి మొదలుపెట్టిస్తారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇందుకు విరుద్ధంగా ఐఎన్ఆర్‌ను తగ్గిస్తుంది. అందుకే ఏ కొత్త మందు మొదలుపెట్టినా, పాతది ఆపినా వైద్యుడికి చెప్పి, కొద్దిరోజుల్లోనే పరీక్ష చేయించుకోవాలి.

మాత్రను రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోవడం మంచిది. మరిచిపోయి, అదే రోజు రాత్రిలోగా గుర్తొస్తే వెంటనే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే ఆ మోతాదును వదిలేసి, ఆనాటి మాత్ర మాత్రమే మామూలు వేళకు వేసుకోవాలి. రెండూ కలిపి వేసుకోకూడదు. తప్పిన తేదీని పుస్తకంలో రాసి తదుపరి పరీక్షప్పుడు చూపాలి, లేకుంటే తగ్గిన ఐఎన్ఆర్ చూసి వైద్యుడు మోతాదు అనవసరంగా పెంచే ప్రమాదం ఉంది. వరుసగా రెండు రోజులు తప్పితే వెంటనే ఫోన్ చేయాలి.

నల్లటి మలం, మూత్రంలో రక్తం, తలకు దెబ్బ, విపరీతమైన తలనొప్పి, మూతి వంకర, కాలూచెయ్యీ పడిపోవడం, హఠాత్తుగా ఆయాసం, కవాటం టిక్‌టిక్ శబ్దం మందగించడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.