నూనె సీసా మీద ఏం రాయాలి?

మొన్న ప్రొద్దుటూరులో మా అక్క ఇంటికి వెళితే గుమ్మం దాటకముందే గుంటగలగరాకు వాసన గుప్పుమంది. వంటింట్లో ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె కాగుతోంది. ఇన్నాళ్లూ ఇరుగుపొరుగుకు ఇస్తున్న నూనెను ఇప్పుడు సీసాల్లో పోసి అమ్మాలని అక్క ఆలోచన. "ఏమ్మే, చీటీ రాసినా, కొంచెం సరిచూడు" అని కాగితం చేతిలో పెట్టింది.

"పదిహేను రోజుల్లో జుట్టు రాలడం బంద్. బట్టతల మీద సైతం మొలక. తెల్లజుట్టు నల్లబడును. సైడ్ ఎఫెక్టులు లేవు" అని ఉంది అందులో.

"ఇది నువ్వు చూపించగలవా అక్కా?" అన్నాను. "చూపించేదేముంది? జమ్మలమడుగులో మా ఆడబిడ్డ కూతురినడుగు. కాన్పయినాక కుచ్చులు కుచ్చులు రాలిపోతాంటే నా నూనెతోనే నిలబడింది" అంది.

ఆ పిల్లకు జుట్టు రాలడం మొదలైంది కాన్పయిన మూడో నెలలో, ఆగింది ఎనిమిదో నెలలో. చాలామంది బాలింతలకు జరిగేది ఇదే. గర్భంతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచిన వెంట్రుకలు కాన్పయిన రెండు మూడు నెలలకు ఒక్కసారిగా ఊడతాయి. ఏడాది లోపల చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. నూనె పెట్టకపోయినా ఆగేదే. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, కానీ నూనె వల్లే ఆగిందనడానికి అది సాక్ష్యం కాదు. పైగా అందరికీ కారణం కాన్పే కాదు కదా! థైరాయిడ్ వల్లో, రక్తం తక్కువై రాలుతున్న అమ్మాయో ఈ చీటీ నమ్మి మూడు సీసాలు వాడిందనుకోండి, ఆ నెలలన్నీ డాక్టరు దగ్గరికి వెళ్లనట్టే.

చట్టం మాట కూడా చెప్పాను. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితా అది. బట్టతల, చిన్నవయసులో జుట్టు నెరవడం రెండూ అందులో ఉన్నాయి. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం వేరే ఉంది, అందులో మధుమేహం ఉంది. ఇలాంటి ప్రకటనల మీదే 2024లో పతంజలి సంస్థ సుప్రీంకోర్టు ముందు నిలబడి, పత్రికల్లో క్షమాపణ ప్రకటనలు వేసుకుంది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు!

అక్క ముఖం చిన్నబోయింది. "అయితే ఏం రాస్తే కొంటారు?" అంది. నేను జవాబివ్వకుండా "ఎట్ల చేస్తావో చెప్పు" అన్నాను. అంతే, అక్క గొంతు మారింది. ఆకు తెల్లవారుజామున చెరువు గట్టున కోస్తుందట. రోట్లో నూరి రసం తీసి, గానుగ నూనెలో కలిపి సన్నసెగ మీద కాస్తుందట. అడుగున చేరిన పిప్పి చిటికెడు తీసి మంటలో వేస్తే చిటపటమనకూడదు. అంటే ఇంకా తడి ఉన్నట్టు. తడి ఉంటే నూనె త్వరగా పాడవుతుంది. ఆ మాటలే రాయమన్నాను. కొనేవాళ్లు వచ్చి అడిగితే చూపించగలిగినవి అవి.

"సైడ్ ఎఫెక్టులు లేవు" అన్నది మాత్రం పోనంది అక్క. ఆకులే కదా అని ఆమె ధీమా. కానీ మెంతులు పడనివాళ్లున్నారు, నువ్వులు పడనివాళ్లున్నారు. ఎవరికీ ఏమీ కాదని చెప్పాలంటే అందరినీ చూసి ఉండాలి. దాని బదులు వేరే వాక్యం పెట్టాం. చివరికి చీటీ ఇలా కుదిరింది:

"గానుగ నువ్వుల నూనెలో గుంటగలగరాకు రసం, కరివేపాకు, మందారపూలు, మెంతులు. తడి ఇంకేదాకా సన్నసెగపై కాచినది. ఆదివారం తలంటుకు అమ్మ పెట్టే నూనె వాసన. జుట్టుకు నునుపు, దువ్వెనకు సులువు. మొదట మోచేతి మడతలో రాసి ఒకరోజు చూడండి; దురద, దద్దు వస్తే వాడకండి."

"జుట్టుకు నునుపు" ఉండొచ్చా అని అక్క సందేహం. రాసుకున్న వెంటనే ఎవరి చేతికి వారికి తెలిసేది, ఉండొచ్చు. "ఆయుర్వేద" మాట మాత్రం కొట్టేశాం. దానికి ఆయుష్ శాఖ లైసెన్సు కావాలి. తలనూనెగా అమ్మాలన్నా కాస్మెటిక్ తయారీ లైసెన్సు కావాలి. అది అక్క ఇంకా కట్టలేదు, సీసాలు అందాకా బీరువా మీదే.

నేనింత పట్టుబట్టడానికి కారణం పులివెందులలోని మా పిన్ని. "షుగర్‌ను అదుపులో ఉంచును" అని ప్యాకెట్టు మీద చూసి మునగాకు పొడి మొదలుపెట్టింది, మాత్రలు మానేసింది. రెండు నెలలకు కాలి పుండు మానక ఆస్పత్రిలో చేరింది. పొడిలో తప్పేమీ లేదు, మునగాకు మంచి ఆకే. ఆ ఒక్క వాక్యం లేకపోతే పిన్ని దాన్ని పప్పులో వేసుకుని, మాత్ర కూడా వేసుకునేది. ఆ పొడి చేసేవాళ్లకు ఏం రాయమంటావని అక్క అడిగింది. "చపాతీ పిండిలో చెంచాడు, వేడన్నంలో నెయ్యితో చిటికెడు. మందులు వాడేవారు డాక్టరునడగకుండా మానవద్దు" అన్నాను. అక్క అది కూడా రాసుకుంది.